పోస్ట్‌డాక్‌కు, అధ్యాపక ఉద్యోగానికి సీవీ, రీసెర్చ్ స్టేట్‌మెంట్ రాయడం ఎలా?

మన విశ్వవిద్యాలయాల్లో సీవీ సాధారణంగా ల్యాబ్‌లోని సీనియర్ దగ్గర నుంచి వస్తుంది. ఆ సీనియర్‌కు ఇంకో సీనియర్ ఇచ్చి ఉంటారు. పేర్లు, తేదీలు మార్చుకుంటూ అదే ఫైలు ఏళ్ల తరబడి చేతులు మారుతుంది. అందుకే తండ్రి పేరు, వైవాహిక స్థితి, పాస్‌పోర్టు నంబరు, చివర "పై వివరాలన్నీ నాకు తెలిసినంతవరకు నిజం" అన్న ప్రకటన, దాని కింద ఊరు, తేదీ, సంతకం ఇప్పటికీ అలాగే ఉండిపోయాయి. రీసెర్చ్ స్టేట్‌మెంట్ పరిస్థితి ఇంతకన్నా ఇబ్బందికరం. థీసిస్ సారాంశాన్ని రెండు పేజీలకు కుదించి, ఆఖరి పేరాలో "ఈ రంగంలో పరిశోధన కొనసాగించాలని ఆశిస్తున్నాను" అని ముగించేస్తారు. మంచి పని చేసిన స్కాలర్లు కూడా ఈ కాగితాల దగ్గరే వెనకబడిపోతున్నారు.

దరఖాస్తు చదివే ప్రొఫెసర్‌కు ముఖ్యంగా రెండు విషయాలు తెలియాలి. ఈ పనిలో మీరు స్వయంగా చేసింది ఎంత? ఇక్కడికి వస్తే ఏం చేస్తారు? మొదటి దానికి సీవీ, రెండో దానికి స్టేట్‌మెంట్ జవాబివ్వాలి. ఈ రెండింటినీ ఎలా తయారు చేయాలో ఒక ఊహాత్మక అభ్యర్థి ఉదాహరణతో చూద్దాం. ఆమె హైదరాబాద్‌లో మొక్కల తెగుళ్ల మీద పీహెచ్‌డీ పూర్తి చేసింది. వరిలో వచ్చే బ్యాక్టీరియా ఎండాకు తెగులు ఆమె అంశం. మూడు పేపర్లు అచ్చయ్యాయి, ఒకటి సమీక్షలో ఉంది. ముందుగా జర్మనీలోని ఒక ల్యాబ్‌లో పోస్ట్‌డాక్‌కు దరఖాస్తు చేస్తోంది. ఆ తర్వాత ఇక్కడే అసిస్టెంట్ ప్రొఫెసర్‌గా చేరాలని ఆమె కోరిక. అసలు కాగితాలను ఆమె ఇంగ్లీషులో రాస్తుంది. వాటిలో ఉండవలసిన వాక్యాలను ఇక్కడ తెలుగులో చూపిస్తాను.

మొదటి మెట్టు: ప్రకటన చదవండి, ఎవరు చదువుతారో తెలుసుకోండి

ఒక ప్రొఫెసర్ తన ప్రాజెక్టు నిధులతో ఇచ్చే పోస్ట్‌డాక్ అయితే మీ కాగితాలు ఆ ప్రొఫెసరే చదువుతారు. ఆ ప్రాజెక్టులో మీరు ఏ పని చేయగలరన్నదే ఆయన లేదా ఆమె చూసేది. ఫెలోషిప్ అయితే మీ అంశానికి కొంచెం దూరంగా ఉన్న సమీక్షకులు చదువుతారు, కాబట్టి ప్రతి విషయాన్నీ మొదటి నుంచి వివరించాలి. బ్రిటన్‌లో లెక్చరర్ ఉద్యోగాలకు సాధారణంగా తప్పనిసరి అర్హతలు, ఉంటే మంచిదనే అర్హతలు అని విడివిడిగా జాబితా ఇస్తారు. ఎంపిక సంఘం ఆ జాబితాను పక్కన పెట్టుకుని ఒక్కొక్క అర్హతనూ సరిచూస్తుంది. మన దగ్గర అసిస్టెంట్ ప్రొఫెసర్ ఉద్యోగాలకు మార్కుల లెక్క ఉంది, దాని గురించి తర్వాత చెబుతాను.

అందువల్ల ముందుగా అన్నీ చేర్చిన ఒక పెద్ద సీవీ తయారు చేసి మీ దగ్గరే ఉంచుకోండి. చదివింది, చెప్పింది, రాసింది, వెళ్లిన సదస్సులు, వచ్చిన ప్రతి రూపాయి గ్రాంటు అందులో నెలలతో సహా ఉండాలి. బయటికి పంపేది మాత్రం దాని నుంచి ఆ ఉద్యోగం కోసం ఏరి కూర్చిన ప్రతి. నెలలతో సహా అనడానికి కారణం ఉంది. కొన్ని ఫెలోషిప్‌లలో అర్హత నెలల మీదే తేలుతుంది. యూరప్‌లోని మేరీ స్క్లడోవ్‌స్కా క్యూరీ పోస్ట్‌డాక్ ఫెలోషిప్‌నే తీసుకోండి. దరఖాస్తు గడువుకు ముందున్న 36 నెలల్లో ఆతిథ్య దేశంలో 12 నెలలకు మించి నివసించి గానీ పని చేసి గానీ ఉండకూడదు. సీవీలో "2022-23" అని మాత్రమే రాస్తే అది రెండు నెలలా, ఇరవై నెలలా అన్నది ఎవరికీ తెలియదు.

రెండో మెట్టు: సీవీ మొదటి పేజీ

పేరుతో మొదలుపెట్టండి. తెలుగువారికి ఇక్కడే మొదటి చిక్కు. ఇంటిపేరు పొడి అక్షరంగా ముందు, సొంత పేరు చివర రాయడం మన అలవాటు. పేపర్ల డేటాబేసులు చివరి మాటను ఇంటిపేరుగా తీసుకుంటాయి. దాంతో లక్ష్మి అనే అభ్యర్థి ఒక పేపరులో "లక్ష్మి కె.", ఇంకో దానిలో పూర్తి ఇంటిపేరుతో, పెళ్లయ్యాక మరో దానిలో వేరే ఇంటిపేరుతో కనిపిస్తుంది. ఆమె పేరుతో వెతికినవారికి మూడు పేపర్లలో ఒకటే దొరుకుతుంది. దీనికి మందు ఓర్కిడ్ నంబరు. పరిశోధకులకు ఉచితంగా ఇచ్చే 16 అంకెల గుర్తింపు అది. అందులో మీ పేరు రూపాలన్నింటినీ నమోదు చేసి, పేపర్లన్నింటినీ దానికి జోడించి, సీవీలో పేరు కిందే ఆ లింకు ఇవ్వండి. ఇకపై రాసే పేపర్లన్నింటిలో ఒకే రూపం వాడండి. పాస్‌పోర్టులో ఉన్న రూపమైతే వీసా సమయంలోనూ తంటా ఉండదు.

పేరు కింద ఈమెయిల్, ఫోను నంబరు, ఇప్పుడు పని చేస్తున్న సంస్థ చాలు. పుట్టిన తేదీ, తండ్రి పేరు, మతం, కులం, ఫొటో విదేశీ సీవీలో అడిగితే తప్ప పెట్టవద్దు. మన దగ్గర రిజర్వేషన్ వివరాలు దరఖాస్తు ఫారంలో ఇస్తాం, అవి సీవీలోకి రానక్కర్లేదు. "ప్రతిష్ఠాత్మక సంస్థలో నా నైపుణ్యాలను వినియోగించే అవకాశం కోరుతూ" అంటూ మొదలయ్యే లక్ష్యం పేరా కూడా తీసేయండి. అది కంపెనీ ఉద్యోగాల రెజ్యూమే నుంచి వచ్చింది. అదే చోట మీ పరిశోధన ఏమిటో రెండు వాక్యాల్లో చెప్పవచ్చు.

తర్వాత చదువు, కొత్తది ముందు. పీహెచ్‌డీ దగ్గర థీసిస్ శీర్షిక, గైడు పేరు, పట్టా వచ్చిన నెల రాయాలి. వైవా కాకపోతే థీసిస్ ఎప్పుడు సమర్పించారో, వైవా ఎప్పుడు జరగవచ్చో నిజం నిజంగా రాయండి. పదో తరగతి, ఇంటర్ మార్కులు విదేశీ సీవీకి అక్కర్లేదు. దేశంలోని ఉద్యోగానికైతే డిగ్రీ నుంచి శాతాలన్నీ కావాలి. రెండు సీవీలు వేరుగా ఉంచుకోమనడానికి ఇదొక కారణం.

మధ్యలో ఖాళీ ఉంటే దాచవద్దు. ప్రసవం, అనారోగ్యం, ఇంట్లో పెద్దవారి సంరక్షణ, స్కాలర్‌షిప్ ఆగిపోవడం, ఏదైనా సరే ఒక్క పంక్తిలో తేదీలతో రాసి వదిలేయండి. చాలా ఫెలోషిప్‌లు ఇలాంటి విరామాలను అర్హత కాలం నుంచి మినహాయిస్తాయి. రాయకపోతే ఆ వెసులుబాటును మీ చేతులతో మీరే వదులుకున్నట్టు.

మూడో మెట్టు: ప్రచురణల జాబితా

పోస్ట్‌డాక్ ఇచ్చే ప్రొఫెసర్ చూపు ముందుగా పడేది ఇక్కడే. కాబట్టి ఎక్కువ సమయం దీని మీదే పెట్టండి.

పొరపాట్లలో పెద్దది అన్నింటినీ కలిపి ఒకే వరుసలో అంకెలు వేయడం. పత్రికలో అచ్చయిన పేపరు, సదస్సు సంచికలోని అర పేజీ సారాంశం, పుస్తకంలో ఒక అధ్యాయం, ఇంకా పంపని చిత్తుప్రతి, అన్నీ కలిసి "మొత్తం 19 ప్రచురణలు" అవుతాయి. చదివేవారు వాటిని విడదీసుకునే సరికి మూడో నాలుగో మిగులుతాయి. అసలు మూడు పేపర్లు ఒక కొత్త స్కాలర్‌కు గౌరవమైన సంఖ్యే. కానీ 19 అని చదివి మూడుకు దిగినవారికి మీ మీద నమ్మకం సన్నగిల్లుతుంది, ఆ తర్వాత రాసిన నిజాలనూ అనుమానంగానే చదువుతారు. కాబట్టి సమీక్ష జరిగి అచ్చయినవి ఒక శీర్షిక కింద, ప్రీప్రింట్లు ఒకదాని కింద, పుస్తక అధ్యాయాలు, సదస్సు ప్రసంగాలు వేర్వేరుగా పెట్టండి. సదస్సుల్లో పోస్టరు పెట్టారా, వేదిక మీద మాట్లాడారా, ఆహ్వానం మీద వెళ్లారా అన్నది కూడా చెప్పాలి.

రెండోది "కమ్యూనికేటెడ్" అన్న మాట. మన దగ్గర పత్రికకు పంపిన పేపరుకు అలా రాయడం అలవాటు. బయటి దేశాల్లో అది ఎవరికీ అర్థం కాదు. పంపి ఉంటే సమర్పించినట్టు, సమీక్షకుల దగ్గరికి వెళ్లి ఉంటే సమీక్షలో ఉన్నట్టు రాయండి. పత్రిక పేరు రాయకపోవడం మంచిది, అది ఇంకా తీసుకోలేదు కదా. ఇంతకన్నా మేలైన దారి ఉంది. గైడు, సహరచయితలు ఒప్పుకుంటే ఆ పేపరును బయో ఆర్కైవ్ లాంటి ప్రీప్రింట్ సర్వరులో పెట్టండి. అప్పుడు దానికి శాశ్వత లింకు వస్తుంది, ప్రొఫెసర్ అక్కడికక్కడే చదవగలరు. పంపానన్న మాటకన్నా చదవగలిగిన పేపరు విలువ ఎంతో ఎక్కువ. "రాస్తున్నవి" అనే శీర్షికను పూర్తిగా తీసేయండి.

మూడోది, మీరు చేసింది ఏమిటో చెప్పకపోవడం. తొమ్మిది మంది పేర్లున్న పేపరులో మీది నాలుగోదైతే అందులో మీ వంతు ఎవరికి తెలుస్తుంది? ప్రతి పేపరు కింద ఒక్క వాక్యం చేర్చండి. మన అభ్యర్థి రెండో పేపరు కింద ఇలా రాయవచ్చు: "పొలాల నుంచి 64 బ్యాక్టీరియా నమూనాలు సేకరించి వేరు చేశాను; ఆకులపై పరీక్షలన్నీ నేనే చేశాను; జన్యుక్రమ విశ్లేషణ సహరచయితలది." చివరి ముక్కను చూడండి. తనది కానిదాన్ని కాదని చెప్పడం వల్ల ముందున్న రెండింటినీ చదివేవారు పూర్తిగా నమ్ముతారు. మొదటి రచయిత హోదా ఇద్దరికీ సమానమైతే పేపరులో అచ్చయిన గుర్తునే సీవీలోనూ వాడండి. వరుసను మీకు అనుకూలంగా మార్చకండి. పేపరు తెరిచి చూడటానికి అర నిమిషం చాలు.

ఇంపాక్ట్ ఫ్యాక్టర్ అంకెలను ప్రతి పేపరు పక్కన వేయడం మన దగ్గర ఆచారం. ఆ అంకె పత్రికకు సంబంధించినది, మీ పేపరుకు కాదు. పరిశోధకుల్ని ఈ అంకెతో తూచవద్దని కోరే డోరా ప్రకటన మీద అనేక యూరప్ సంస్థలు సంతకం చేశాయి, అక్కడికి పంపే సీవీలో అవి ఉండకపోవడమే మంచిది. దేశంలో నోటిఫికేషన్ అడిగితే ఇవ్వండి. ఇక డబ్బు తీసుకుని వారంలో అచ్చేసే పత్రికల్లో వచ్చిన పేపర్లుంటే, వాటిని విదేశీ సీవీ నుంచి తొలగించాలనే నా అభిప్రాయం. అలాంటిది ఒక్కటి కనిపించినా పక్కనున్న మంచి పేపరు మీద నీడ పడుతుంది.

నాలుగో మెట్టు: మిగిలిన భాగాలు

ఇవి త్వరగా తేలిపోతాయి. బోధన అనుభవం ఉంటే కోర్సు పేరు, స్థాయి, విద్యార్థుల సంఖ్య, మీరు చేసింది రాయండి. "ఎమ్మెస్సీ రెండో సెమిస్టర్ మైక్రోబయాలజీ ప్రాక్టికల్స్, 30 మంది, ఒక సెమిస్టర్, ప్రశ్నపత్రం తయారీ, మూల్యాంకనం" అన్నది "బోధనలో అనుభవం ఉంది" అన్నదానికన్నా ఎంతో చెబుతుంది. ఫెలోషిప్‌లు, గ్రాంట్ల దగ్గర ఇచ్చిన సంస్థ, కాలం, వీలైతే మొత్తం. హాజరైన వర్క్‌షాపుల పట్టికను పోస్ట్‌డాక్ సీవీ నుంచి తీసేయండి. అందులో నేర్చుకున్న పద్ధతి మీ పనిలో వాడి ఉంటే అది నైపుణ్యాల్లోకి వస్తుంది.

నైపుణ్యాల్లో ప్రతి పద్ధతికీ మీ స్థాయి చెప్పండి. స్వతంత్రంగా చేయగలిగినవి ఒక వరుస, ఎవరి సాయంతోనో చేసినవి ఇంకో వరుస. ఇంటర్వ్యూలో మొదటి వరుస నుంచే ప్రశ్నలు వస్తాయి. అక్కడ తడబడితే మొత్తం సీవీ తేలిపోతుంది.

సిఫార్సు ఇచ్చే ముగ్గురి పేర్లు చివర. వారిని ముందే అడిగి, గడువుకు కనీసం రెండు మూడు వారాల ముందు సీవీ, స్టేట్‌మెంట్, ప్రకటన ముగ్గురికీ పంపండి. స్టేట్‌మెంట్ చూడకుండా రాసిన సిఫార్సులో మీ గురించి "కష్టపడే తత్వం, వినయం" తప్ప ఏమీ ఉండదు.

దేశంలో అసిస్టెంట్ ప్రొఫెసర్ అయితే: మార్కుల లెక్క

యూజీసీ 2018 నిబంధనల్లో విశ్వవిద్యాలయాల అసిస్టెంట్ ప్రొఫెసర్ ఇంటర్వ్యూకు ఎవర్ని పిలవాలో తేల్చడానికి ఒక పట్టిక ఉంది. కళాశాలలకు వేరే పట్టిక. మన అభ్యర్థికి డిగ్రీలో 78 శాతం, పీజీలో 72 శాతం, జేఆర్‌ఎఫ్ లేని నెట్ ఉన్నాయనుకుందాం. పట్టిక ప్రకారం డిగ్రీలో 60 నుంచి 80లోపు శాతానికి 13 మార్కులు, పీజీలో అదే శ్రేణికి 23. పీహెచ్‌డీకి 30. జేఆర్‌ఎఫ్ లేని నెట్‌కు 5, జేఆర్‌ఎఫ్ ఉంటే 7. పేపరుకు 2 చొప్పున మూడింటికి 6. మొత్తం 77. సమీక్షలో ఉన్న నాలుగో పేపరుకు ఏమీ రాదు. పీహెచ్‌డీ చేసిన కాలాన్ని కూడా సాధారణంగా అనుభవంగా లెక్కించరు. ఆమె జర్మనీలో రెండేళ్లు పని చేసి, అచ్చయిన పేపర్లను ఐదుకు పెంచుకుని తిరిగి వస్తే? పోస్ట్‌డాక్‌కు ఏడాదికి 2 చొప్పున 4, పేపర్లకు 10. మొత్తం 85 అవుతుంది. పేపర్ల భాగానికి గరిష్ఠం 10 కాబట్టి ఆరో పేపరు ఈ లెక్కలో ఏమీ కలపదు.

ఈ లెక్క ఇంటర్వ్యూ గుమ్మం దాకానే పనిచేస్తుంది. తుది ఎంపిక ఇంటర్వ్యూ మీద ఆధారపడుతుంది. కానీ గుమ్మం దాటాలంటే, క్లెయిము చేసిన ప్రతి మార్కుకూ ఆధారం ఉండాలి. అందుకే దేశీయ సీవీలో ప్రతి అంశం పక్కన జతపరచిన ధ్రువపత్రం అనుబంధ సంఖ్య వేయండి. పరిశీలించే గుమస్తాకు కాగితం దొరక్కపోతే ఆ మార్కు పోవచ్చు. రాష్ట్ర నియామకాల్లో పద్ధతి వేరుగా ఉండవచ్చు కాబట్టి ఆ నోటిఫికేషన్‌లో ఉన్న పట్టికనే పట్టుకోండి.

ఐదో మెట్టు: రీసెర్చ్ స్టేట్‌మెంట్

పోస్ట్‌డాక్‌కు రెండు పేజీలు సరిపోతాయి. అధ్యాపక ఉద్యోగానికి మూడు నుంచి ఐదు. ప్రకటనలో పరిమితి ఇస్తే దాన్ని దాటవద్దు. పాత పని మూడో వంతు, రాబోయే పని మిగిలిన రెండు వంతులు ఉండాలి. చాలామంది దీన్ని తలకిందులు చేస్తారు.

మన అభ్యర్థి తొలి చిత్తులో మొదటి పేరా ఇలా ఉందనుకుందాం: "వరి ప్రపంచంలో సగం జనాభాకు ప్రధాన ఆహారం. ఎండాకు తెగులు వరి దిగుబడిని తీవ్రంగా దెబ్బతీస్తుంది. నా పీహెచ్‌డీలో మొదటి అధ్యాయంలో నమూనాల సేకరణ, రెండో అధ్యాయంలో వాటి వైవిధ్యం, మూడో అధ్యాయంలో తెగులు తీవ్రత అధ్యయనం చేశాను."

ఇందులో అబద్ధం ఏమీ లేదు. కానీ మొదటి రెండు వాక్యాలు ఈ రంగంలో ఎవరైనా రాయగలరు, మూడోది విషయసూచిక. ఆమె ఏ ప్రశ్నకు జవాబు వెతికిందో, ఏం దొరికిందో ఎక్కడా లేదు.

మార్చి రాయడానికి ముందు ఆమె తన అంశంలో తెలిసింది ఎక్కడ ఆగిపోయిందో చూసుకోవాలి. ఎండాకు తెగులు బ్యాక్టీరియా కొన్ని ప్రొటీన్లను వరి కణంలోకి పంపి, చక్కెరను కణం బయటికి వదిలే స్వీట్ జన్యువులను బలవంతంగా పనిచేయిస్తుంది. అలా బయటికొచ్చిన చక్కెర దానికి ఆహారం అవుతుంది. ఎక్స్‌ఏ13 అనే నిరోధక జన్యువులో స్వీట్11 జన్యువుకు ముందుండే నియంత్రణ భాగం మారి ఉంటుంది. కాబట్టి బ్యాక్టీరియా ప్రొటీను అక్కడ అతుక్కోలేదు. బీపీటీ 5204 అనే సాంబ మసూరికి ఎక్స్‌ఏ21, ఎక్స్‌ఏ13, ఎక్స్‌ఏ5 అనే మూడు జన్యువులు చేర్చి, హైదరాబాద్ సంస్థలు తయారు చేసిన మెరుగైన సాంబ మసూరి 2008లో విడుదలైంది. మన అభ్యర్థి 64 నమూనాల్లో తొమ్మిది, ఎక్స్‌ఏ13 ఒక్కటే ఉన్న వరి మీద కూడా పొడవైన మచ్చలు చేశాయనుకుందాం. అదే ఆమె అసలు ఫలితం. థీసిస్‌లో అది మూడో అధ్యాయం మధ్యలో ఎక్కడో ఉంది.

ఇప్పుడు మొదటి పేరా: "ఎక్స్‌ఏ13 ఉన్న వరిని ఎండాకు తెగులు ఎలా దాటుతుందన్నది నా ప్రశ్న. పొలాల నుంచి సేకరించిన 64 నమూనాలను, ఆకు కొన కత్తిరించి అంటించే పద్ధతిలో పరీక్షించి, 14వ రోజున మచ్చ పొడవు కొలిచాను. తొమ్మిది నమూనాలు ఎక్స్‌ఏ13ను దాటాయి. స్వీట్11 దారి మూసుకుపోయినా అవి బతుకుతున్నాయంటే వేరే స్వీట్ జన్యువును వాడుతూ ఉండాలి. అది ఏదన్నది నా పీహెచ్‌డీ తేల్చలేదు. రాబోయే రెండేళ్లలో నేను తేల్చదలచుకున్నది అదే."

పాత పని ఇక్కడ కొత్త పనికి తలుపు అయింది. "తేల్చలేదు" అన్న మాటకు భయపడనక్కర్లేదు. ఎక్కడ ఆగిందో తెలిసిన మనిషికే ముందుకు ఎటు వెళ్లాలో తెలుస్తుంది.

లక్ష్యాలు రాయడం

రెండేళ్ల పోస్ట్‌డాక్‌కు రెండు లక్ష్యాలు, మహా అయితే మూడు. ప్రతి దానికీ ప్రశ్న, పద్ధతి, ఎలాంటి ఫలితం వస్తే ఏమిటి అర్థం, ఎన్ని నెలలు అన్నవి ఉండాలి. "అధ్యయనం చేయడం", "అన్వేషించడం" అని మొదలైన లక్ష్యాన్ని అనుమానించండి. అధ్యయనం ఎప్పుడు పూర్తయినట్టో ఎవరూ చెప్పలేరు.

ఆమె మొదటి లక్ష్యం: తొమ్మిది నమూనాలను ఎక్స్‌ఏ13 వరికి అంటించి, ఒకటి రెండు రోజుల తర్వాత స్వీట్13, స్వీట్14 జన్యువుల చురుకుదనాన్ని పరిమాణాత్మక పీసీఆర్‌తో కొలవడం. ఆరు నెలలు. రెండో లక్ష్యం: ఆ బ్యాక్టీరియాల పూర్తి జన్యుక్రమం చదివి, ఆ పని చేస్తున్న ప్రొటీను జన్యువును గుర్తించడం. ఇక్కడ ఒక సాంకేతిక వివరం ఆమెను అనుభవజ్ఞురాలిగా చూపిస్తుంది. ఈ ప్రొటీన్ల జన్యువుల్లో ఒకే ముక్క మళ్లీ మళ్లీ వస్తుంది కాబట్టి, చిన్న ముక్కలుగా చదివే సీక్వెన్సింగ్‌తో వాటిని సరిగ్గా కూర్చలేం. పొడవైన ముక్కలు చదివే పద్ధతి కావాలి. ఆ ఒక్క వాక్యంతో సమీక్షకుడికి ఆమె ఈ పని లోతు తెలిసిన మనిషని అర్థమవుతుంది. మూడో లక్ష్యం: దొరికిన జన్యువు నియంత్రణ భాగాన్ని వరిలో జన్యు సవరణతో మార్చి, నిరోధకత తిరిగి వస్తుందా అని చూడటం.

ఇప్పుడు ప్రణాళిక ఎక్కడ విరగవచ్చో చూడాలి. మూడో లక్ష్యం పూర్తిగా మొదటి దాని మీద ఆధారపడింది. స్వీట్13, స్వీట్14 రెండూ చురుకుగా కనిపించకపోతే ఏమవుతుంది? సమీక్షకుడు అడిగే మొదటి ప్రశ్న అదే, కాబట్టి జవాబు ముందే ఉండాలి. ఈ కుటుంబంలో 11 నుంచి 15 వరకు ఐదు స్వీట్ జన్యువులు తెగులుకు తోడ్పడగలవని తెలుసు కాబట్టి, మిగిలిన 12, 15నూ కొలుస్తుంది. అదీ కాకపోతే ఆకులోని జన్యువులన్నింటి చురుకుదనాన్నీ ఆర్‌ఎన్‌ఏ సీక్వెన్సింగ్‌తో చూస్తుంది. అప్పుడు ఈ బ్యాక్టీరియా చక్కెర దారి కాకుండా వేరే దారి వాడుతోందన్న కొత్త ఫలితం వస్తుంది. ఏ వైపు తేలినా పేపరు రాయదగిన పని ఇది. రెండో లక్ష్యం మొదటిదానితో సంబంధం లేకుండా నడుస్తుందని కూడా ఆమె చెప్పాలి.

ఇంకో ఆటంకం మనవాళ్లు తరచూ మరిచిపోతారు. ఈ నమూనాలు మన పొలాల్లో సేకరించినవి. వాటిని జర్మనీకి పంపాలంటే 2002 జీవవైవిధ్య చట్టం కింద సాధారణంగా జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థ అనుమతి కావాలి. అక్కడి మొక్కల క్వారంటైన్ నిబంధనలు వేరు. పైగా అవి ఆమె సొంతం కావు, గైడు ల్యాబ్‌వి. కాబట్టి స్టేట్‌మెంట్‌లో ఒక వాక్యం ఉండాలి: నమూనాల వినియోగానికి గైడు అంగీకారం ఉంది, అనుమతులు వచ్చే వరకు ఆ ల్యాబ్‌లో ఇప్పటికే ఉన్న బ్యాక్టీరియాలతో పరీక్ష పద్ధతిని సిద్ధం చేస్తాను. అంగీకారం నిజంగా తీసుకున్నాకే ఆ వాక్యం రాయాలి.

"ఈ ల్యాబే ఎందుకు" అన్న పేరాలో పొగడ్తలు వద్దు. అక్కడ ఏముంది, మీ దగ్గర ఏముంది, రెండూ కలిస్తే ఏం సాధ్యం అన్నది చాలు. ఆ ల్యాబ్‌కు చక్కెర రవాణా కొలిచే పద్ధతులు తెలుసు, ఆమె దగ్గర పొలం నుంచి వచ్చిన తొమ్మిది విచిత్రమైన నమూనాల అనుభవం ఉంది. రాశాక ప్రొఫెసర్ పేరు, ల్యాబ్ పేరు చెరిపి చదవండి. ఆ పేరా ఇంకే ల్యాబ్‌కైనా సరిపోతే మళ్లీ రాయాలి.

అధ్యాపక ఉద్యోగానికి ఏం మారుతుంది

ఇదే అభ్యర్థి ఆ తర్వాత ఒక రాష్ట్ర విశ్వవిద్యాలయానికి దరఖాస్తు చేస్తుంది. ఆ రెండేళ్ల ప్రణాళికనే అతికిస్తే కుదరదు. ఎంపిక సంఘం ఇప్పుడు చూసేది ఐదేళ్ల పాటు సొంతంగా ఒక ల్యాబ్ నడపగలరా అని. కాబట్టి మొదట గైడు నుంచీ పోస్ట్‌డాక్ ప్రొఫెసర్ నుంచీ మీ ప్రశ్న ఎక్కడ వేరవుతుందో స్పష్టంగా చెప్పాలి. జర్మనీలో జన్యు సవరణ చేసింది కాబట్టి ఇక్కడా అదే చేస్తానంటే, ఆ సదుపాయం లేని విభాగంలో మొదటి మూడేళ్లు గడిచిపోతాయి.

విభాగం వెబ్‌సైటులో ఏ పరికరాలున్నాయో చూసి, పీసీఆర్ యంత్రం, పెంపక గది, నెట్‌హౌస్‌తో మొదటి ఏడాది నడిచే పని రాయండి. మెరుగైన సాంబ మసూరి సాగవుతున్న పొలాల్లో ఏటా నమూనాలు సేకరించి, వాటిలో ఎక్స్‌ఏ13ను దాటేవి పెరుగుతున్నాయా అని చూడటం అలాంటిది. దానికి ఖరీదైన పరికరం అక్కర్లేదు, ఎమ్మెస్సీ విద్యార్థి ఒక సెమిస్టర్ ప్రాజెక్టుగా ఒక మండలం నమూనాలు చేయగలరు, సీక్వెన్సింగ్ బయట చేయించవచ్చు. నిధులు ఎక్కడి నుంచి అడుగుతారో పేర్లతో చెప్పండి. పాత సెర్బ్ స్థానంలో వచ్చిన ఏఎన్‌ఆర్‌ఎఫ్, కేంద్ర బయోటెక్నాలజీ శాఖ లాంటివి. ఏ పథకానికి ఏ ఏడాది అన్నది కూడా రాస్తే, మీరు నిజంగా ఆలోచించారని తెలుస్తుంది. కేవలం "బాహ్య నిధులు సమకూర్చుకుంటాను" అనేది అందరూ రాసేదే.

ఆరో మెట్టు: పంపే ముందు

స్టేట్‌మెంట్‌ను మీ విభాగంలోనే వేరే అంశం మీద పని చేసే స్నేహితుడికి ఇచ్చి, పది నిమిషాల తర్వాత కాగితం వెనక్కి తీసుకుని రెండు ప్రశ్నలు అడగండి. నా ప్రశ్న ఏమిటి? మొదటి ఆరు నెలల్లో నేనేం చేస్తాను? తడుముకుంటే తప్పు స్నేహితుడిది కాదు, పేరా మార్చాలి. తర్వాత సీవీ, స్టేట్‌మెంట్ పక్కపక్కన పెట్టి చూడండి. స్టేట్‌మెంట్‌లో 64 నమూనాలుండి పేపరులో 61 ఉంటే, ఏదో ఒకటి సరిచేయాలి. స్టేట్‌మెంట్‌లో వాడతానన్న పద్ధతి సీవీ నైపుణ్యాల్లో లేకపోతే, దాన్ని ఎవరి దగ్గర నేర్చుకుంటారో చెప్పాలి.

రెండింటినీ పీడీఎఫ్‌గా మార్చి, వేరే కంప్యూటర్‌లో తెరిచి లింకులన్నీ నొక్కి చూడండి. ఫైలు పేరు `Surname_CV_2026.pdf` తరహాలో ఉండాలి. `final_new2.pdf` అని పంపితే ఎంపిక సంఘం ఫోల్డరులో అది ఎవరిదో తెలియదు. చివరగా, పంపిన ప్రతిని ఆ ఉద్యోగం పేరుతో ఒక ఫోల్డరులో దాచి, ఆ తర్వాత దాన్ని ముట్టుకోకండి. మూడు నెలల తర్వాత ఇంటర్వ్యూకు పిలిస్తే ప్రశ్నలన్నీ ఆ ప్రతి నుంచే వస్తాయి. ఈలోగా మీరు మార్చుకున్న కొత్త ప్రతి నుంచి కాదు.